వీడియో చూశారు, కానీ కొనలేదు: లోపం ఎక్కడుంది?

ఆవకాయ అమ్మే ఒక చిన్న సంస్థ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో రెండు ప్రకటనలు నడిపిందనుకుందాం. రెండూ 30 సెకన్ల వీడియోలే, రెండింటికీ పెట్టిన ఖర్చు ఒకటే. ఒక్కొక్కటీ జనం ఫోన్లలో 50,000 సార్లు కనిపించింది. మొదటిదాని దగ్గర ఆగినవాళ్లు ఎక్కువ, కానీ వచ్చినవి 6 ఆర్డర్లే. రెండోదాని దగ్గర ఆగినవాళ్లు అందులో సగం, ఆర్డర్లు మాత్రం 31. ఇవి నమూనా అంకెలే అయినా, ఆన్‌లైన్ ప్రకటనలు నడిపేవాళ్లందరికీ ఏదో ఒక రోజు ఎదురయ్యే లెక్క ఇది.

దీన్ని విప్పడానికి మూడు కొలతలు చూడాలి. ప్రకటన కనిపించిన ప్రతి వంద సార్లలో ఎన్నిసార్లు కనీసం మూడు సెకన్లు ఆడిందో చెప్పేది హుక్ రేటు. ఆ మూడు సెకన్లు దాటినవాళ్లలో ఎంతమంది నిలబడ్డారో చెప్పేది హోల్డ్ రేటు. మెటా ప్రకటనల్లో దీనికి ఎక్కువమంది థ్రూప్లేను గీతగా పెట్టుకుంటారు. థ్రూప్లే అంటే 15 సెకన్లు చూడటం, వీడియో అంతకన్నా చిన్నదైతే చివరిదాకా చూడటం. ముగింపు వరకు ఎందరు వచ్చారన్నది కంప్లీషన్.

వీటిని చదివేటప్పుడు దేన్ని దేనితో భాగించారో ముందు తెలుసుకోవాలి. కొందరు థ్రూప్లేలను మూడు సెకన్ల వీక్షణలతో భాగిస్తారు, కొందరు ప్రకటన కనిపించిన మొత్తం సార్లతో భాగిస్తారు. రెండింటినీ హోల్డ్ రేటు అనే పిలుస్తారు. భాగించే సంఖ్య మారితే ఏమవుతుందో 2016లో ఫేస్‌బుక్ ఉదంతమే చూపించింది. మొత్తం వీక్షణ సమయాన్ని అందరితో కాకుండా మూడు సెకన్లు దాటి చూసినవాళ్లతో మాత్రమే భాగించడంతో, సగటు వీక్షణ సమయం ఉన్నదానికన్నా చాలా ఎక్కువగా కనిపించిందని ఆ సంస్థ స్వయంగా ఒప్పుకుంది.

ఇప్పుడు మొదటి ఆవకాయ వీడియో చూద్దాం. 50,000లో 20,000 సార్లు మూడు సెకన్లు దాటింది, అంటే హుక్ రేటు 40 శాతం. అందులో థ్రూప్లేకు చేరినవి 2,400. హోల్డ్ రేటు 12 శాతమే. మధ్యలో ఏం జరిగింది? వీడియోలో నాలుగో వంతు, అంటే ఏడున్నర సెకన్ల దగ్గర మిగిలింది 5,000. దాటిన నాలుగున్నర సెకన్లలోనే 15,000 మంది వెళ్లిపోయారు.

అక్కడ తెరమీద ఏముందో చూస్తే కారణం దొరుకుతుంది. వీడియో అత్తాకోడళ్ల కేకలతో, నేలమీద పడి పగిలే పళ్లెంతో మొదలవుతుంది. నాలుగో సెకనులో గొడవ ఆగిపోయి, ఆవకాయ జాడీ, దాని పక్కన సంస్థ పేరు వస్తాయి. ఆగినవాళ్లు గొడవ చూడటానికి ఆగారు, పచ్చడి కోసం కాదు. గొడవ ఆగగానే వాళ్ల పని అయిపోయింది. ఇక్కడ హుక్ రేటు ఎక్కువగా ఉండటం మంచి సంకేతం కాదు, సంబంధం లేని జనాన్ని పోగుచేశారని అర్థం.

రెండో వీడియో కథ వేరు. హుక్ రేటు 20 శాతమే, ఆగిన 10,000 మందిలో 3,500 మంది థ్రూప్లేకు చేరారు, అంటే హోల్డ్ రేటు 35 శాతం. మొదటి నాలుగు సెకన్లూ తెల్లటి తెరమీద సంస్థ ముద్ర తిరుగుతూ ఉంటుంది. ఐదో సెకనులో వేడి అన్నంలో నెయ్యి, దానిమీద ఎర్రటి ఆవకాయ ముక్క, కలుపుతున్న వేళ్లు. ఆ దృశ్యం దాకా వచ్చినవాళ్లు ఉండిపోయారు. అక్కడిదాకా రాకుండానే ఎక్కువమంది వెళ్లిపోయారు.

కంప్లీషన్ విషయంలో తొందరపడి తీర్పు ఇవ్వకూడదు. నచ్చినవాళ్లు పదో సెకనులోనే బటన్ నొక్కి దుకాణం పేజీకి వెళ్లిపోవచ్చు. అప్పుడు వీడియో పూర్తికాకపోవడమే విజయం. అలాగే 10 సెకన్ల వీడియోనూ 60 సెకన్ల వీడియోనూ పక్కపక్కన పెట్టి పోల్చలేం. ఇప్పటికే ఆ సంస్థను ఎరిగినవాళ్లు కొత్తవాళ్లకన్నా ఎక్కువసేపు చూస్తారు కాబట్టి, వాళ్ల అంకెలను విడిగా తీసుకోవాలి.

మూడు కొలతలూ బాగుండి ఆర్డర్లు రాకపోతే? క్లిక్కులు కూడా తక్కువైతే, వీడియో వంట కార్యక్రమంలా సాగి ధర, ఆర్డర్ ఎలా చేయాలన్నది చెప్పకుండా ముగిసిందేమో చూడాలి. క్లిక్కులు వచ్చి కొనుగోళ్లు లేకపోతే లోపం వీడియో దాటిపోయింది. చివరి పేజీలో హఠాత్తుగా కనిపించే కొరియర్ ఛార్జీ అలాంటిదే. ఇంకొకటి, ప్రచార లక్ష్యంగా వీడియో వీక్షణలను ఎంచుకుంటే, మెటా వ్యవస్థ చూసే అలవాటున్నవాళ్లను వెతుకుతుంది. కొనేవాళ్లు కావాలంటే లక్ష్యాన్ని కొనుగోళ్లుగా పెట్టాలి.

ఈ ఆవకాయ సంస్థ చేయాల్సిన పని ఇప్పుడు స్పష్టమే. మొదటి వీడియోను ఆపాలి. రెండోదాంట్లో ఐదో సెకను దృశ్యాన్ని మొదటికి తెచ్చి, మిగతాదాన్ని ముట్టుకోకుండా, అదే జనానికి, అదే ఖర్చుతో పాత రూపంతో పాటు నడపాలి. హుక్ రేటు పెరిగి హోల్డ్ రేటు 35 శాతం దగ్గరే ఉంటే, కొత్తగా ఆగినవాళ్లు కూడా పచ్చడి కోసమే ఆగారన్నమాట. హుక్ పెరిగి హోల్డ్ పడిపోతే, ఆర్డర్ల సంఖ్య చూశాకే కొత్త రూపాన్ని ఉంచాలో తీసేయాలో తేల్చుకోవాలి.