పిండి పులిసిందా? ఫొటో ఏం చెబుతుంది?

దూరాన ఉన్న పిల్లలు ఇడ్లీ పిండి ఫొటో తీసి ‘పులిసిందా?’ అని అమ్మకు పంపడం ఇప్పుడు మామూలే. అయితే గిన్నె పైనుంచి తీసిన ఒక్క ఫొటో చూసి తేల్చడం కష్టం. బాగా రుబ్బిన మినప్పిండిలో అప్పటికప్పుడే గాలి చేరి సన్న బుడగలు కనిపిస్తాయి. అవి పులిస్తే వచ్చినవి కావు.

అసలు పొంగు వేరే. పప్పు మీద సహజంగానే ఉండే ల్యూకోనోస్టాక్ లాంటి బాక్టీరియా పిండిలోని చక్కెరలను తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. మినప్పప్పులోని మాంసకృత్తులు, జిగురు ఆ వాయువును బయటికి పోనీయకుండా పట్టి ఉంచుతాయి. అందుకే పిండి పొంగుతుంది.

గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ లెక్కన పిండి కలిపి, గాజు గిన్నెలో సగం దాకా పోశామనుకుందాం. పిండి ఎంత ఎత్తున ఉందో అక్కడ గిన్నెకు రబ్బరు బ్యాండు వేసి, పక్కనుంచి ఒక ఫొటో తీయాలి. పొద్దున మళ్లీ అదే చోటు నుంచి ఇంకొకటి. రాత్రి ఆరు సెంటీమీటర్లున్న పిండి పదికి చేరి, పైభాగం కాస్త ఉబ్బి, గాజులోంచి అడుగు దాకా బుడగలు కనిపిస్తే ఇడ్లీ వేసుకోవచ్చు. బుడగలు పైనే ఉండి, అడుగున తెల్లటి గట్టి పొర కనిపిస్తే రవ్వ కిందికి దిగిందన్నమాట. నీళ్లు ఎక్కువయ్యాయి, లేదా పప్పు సరిగా నలగలేదు.

ఇక పైభాగం చదునుగా ఉంటేనో? పొంగని పిండీ, పొంగి దిగిపోయిన పిండీ పైనుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. తేడా గిన్నె గోడ మీద తెలుస్తుంది. ఇప్పుడున్న మట్టానికి పైన పిండి అంటుకుని ఎండిన చార ఉండి, నడిమి భాగం గుంట పడితే, అది పొంగి దిగింది. ఆ పిండిని దోసెలకో ఊతప్పానికో వెంటనే వాడుకోవాలి. చార లేకుండా గోడ శుభ్రంగా ఉంటే, పిండి ఇంకా పొంగలేదు. వెచ్చని చోట మరికొన్ని గంటలు ఉంచాలి. చలి దేశాల్లో ఇలా ఆలస్యం కావడం మామూలే.

దోసె పిండిలో బియ్యం మెత్తగా రుబ్బుతారు, పిండి పల్చగా ఉంటుంది. కాబట్టి అంత పొంగు కోసం చూడకూడదు. గరిటెతో పక్కకు జరిపి ఫొటో తీస్తే, లోపల చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తే చాలు.

పులుపు, వాసన మాత్రం ఫొటోకు అందవు. వంటింటి పసుపు లైటు రంగును కూడా దాచేస్తుంది కాబట్టి పగటి వెలుతురులోనే ఫొటో తీయాలి. గులాబీ, నారింజ, నలుపు, పచ్చ మచ్చలేవి కనిపించినా, పైపొర మాత్రం తీసేసి సరిపెట్టుకోకుండా పిండి మొత్తం పారబోయాలి. మచ్చలు లేకపోయినా కుళ్లు వాసన వస్తే ఫొటో ఎంత బాగున్నా ముక్కు మాటే వినాలి.