గెలిస్తే చేతికొచ్చేది ఎంత?

లండన్‌లో ఒక బెట్టింగ్ యాప్. ఫుట్‌బాల్ మ్యాచ్‌లో బలహీనమైన జట్టు గెలుస్తుందని ఇద్దరు మిత్రులు చెరో 10 పౌండ్లు పందెం కాశారు. ఆడ్స్ 5.0. ఒకరు సొంత డబ్బు పెట్టారు, రెండోవారు యాప్ ఇచ్చిన ఫ్రీ బెట్ వాడారు. ఆ జట్టే గెలిచింది. మొదటివారి ఖాతాలో 50 పౌండ్లు పడ్డాయి, రెండోవారికి 40 మాత్రమే. ఇందులో మోసమేమీ లేదు. ఫ్రీ బెట్‌లో ఒడ్డిన సొమ్ము కంపెనీది, అది వెనక్కి రాదు. లాభం మాత్రమే మీది. షరతుల్లో ‘స్టేక్ నాట్ రిటర్న్‌డ్’ అని ఉండేది ఈ సంగతే.

చాలామంది తికమకపడేది ఆడ్స్ రాసే తీరు వల్ల. 5.0 అంటే అసలు, లాభం కలిపిన లెక్క. బ్రిటన్‌లో పాతకాలం నుంచీ ఇదే ఆడ్స్‌ను 4/1 అని రాస్తారు. అంటే ఒక పౌండుకు నాలుగు పౌండ్ల లాభం, అసలు వేరు. ఫ్రీ బెట్ వాడేవాళ్లు ఈ పాత పద్ధతినే చూసుకోవడం మేలు. అందులో కనిపించేదే చేతికొస్తుంది.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. గెలుపు దాదాపు ఖాయమనిపించే జట్టు మీద ఫ్రీ బెట్ పెడదామని ఎవరికైనా అనిపిస్తుంది. ఆడ్స్ 1.5 అనుకోండి. గెలిస్తే వచ్చేది 5 పౌండ్లే. కంపెనీ తన వాటా తీసుకోకుండా ఆడ్స్ ఇచ్చిందనుకుంటే, మూడుసార్లలో రెండుసార్లు గెలుస్తారు. సగటున ఆ 10 పౌండ్ల ఫ్రీ బెట్ విలువ 3 పౌండ్ల చిల్లర. అదే 5.0 దగ్గర పెడితే, ఐదుసార్లలో ఒకసారి గెలిచి 40 తెచ్చుకుంటారు, సగటు విలువ 8. ఆడ్స్ పెరిగేకొద్దీ పోగొట్టుకునే ఆ 10 చిన్నదవుతుంది. అయితే సగటు కాగితం మీదిది. నిజంలో ఐదింట నాలుగుసార్లు చేతికొచ్చేది సున్నా. పైగా కంపెనీ వాటా లేని ఆడ్స్ ఎక్కడా దొరకవు.

బోనస్ క్యాష్ దారి వేరు. పందెం గెలిస్తే అసలుతో సహా 50 ఖాతాలోకి వస్తుంది. చూడటానికి సొంత డబ్బులాగే ఉంటుంది. కానీ బ్యాంకుకు పంపబోతే ‘వేజరింగ్’ షరతు అడ్డం వస్తుంది. బోనస్‌కు ఇన్ని రెట్లు పందేలు కాస్తేగానీ అది మీది కాదు.

అది పూర్తయ్యాక కూడా బోనస్ రెండు రకాలు. ఆన్‌లైన్ కసీనోలో 50 పౌండ్లు వేసి, 50 బోనస్ తీసుకున్నారనుకుందాం. షరతు బోనస్‌కు 10 రెట్లు, అంటే 500 పౌండ్ల పందేలు. ఆట ముగిసేసరికి ఖాతాలో 180 ఉంది. బోనస్ క్యాషబుల్ అయితే 180 మొత్తం మీదే. స్టిక్కీ అయితే డబ్బు తీసుకునే క్షణంలో ఆ 50 మాయమై, 130 మాత్రమే వస్తుంది. అంతవరకూ తెర మీద కనిపించేది రెండింట్లోనూ ఒకే అంకె. అందుకే షరతుల పేజీలో వెతకాల్సిన వాక్యం ఒకటే: విత్‌డ్రా చేసేటప్పుడు బోనస్ మొత్తాన్ని తీసేస్తారా, లేదా?

స్టిక్కీ బోనస్ పూర్తిగా వృథా అని కాదు. అది మీ డబ్బుకు తోడుగా నిలబడి ఇంకాసేపు ఆడనిస్తుంది, పెద్ద గెలుపు తగిలితే దాని లాభం మీకే వస్తుంది. జాగ్రత్తగా చిన్న పందేలు కాసే మనిషికి మాత్రం అది అంకెగానే మిగిలిపోతుంది.

రెట్ల సంగతి ఇంకా ముఖ్యం. ఒక స్లాట్ ఆట సగటున నూటికి 4 పౌండ్లు మింగుతుందనుకుంటే, 500 పౌండ్ల పందేలకు 20 పోతాయి. 50 బోనస్‌లో 30 మిగిలినట్టే, అదీ క్యాషబుల్ అయితేనే. షరతు 35 రెట్లయితే పందేలు 1,750 పౌండ్లు, సగటు నష్టం 70. ఉచితంగా ఇచ్చింది 50! బ్రిటన్ గ్యాంబ్లింగ్ కమిషన్ 2026 జనవరి నుంచి ఈ షరతును 10 రెట్లకు మించనివ్వడం లేదు. సొంత డిపాజిట్‌ను కూడా ఇలా బిగించి ఉంచడంపై అక్కడి పోటీ నియంత్రణ సంస్థ 2018లోనే కొన్ని కంపెనీల చేత హామీలు రాయించుకుంది.

ఈ రక్షణలన్నీ అక్కడ లైసెన్సు ఉన్న కంపెనీలకే. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025లో కేంద్రమూ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. టెలిగ్రామ్‌లో ‘500% బోనస్’ అని ఊరించే సైట్ దగ్గర రెట్లకు పరిమితి లేదు. షరతులు ఆట మధ్యలో మారినా, గెలిచిన డబ్బు ఇవ్వకపోయినా, వెళ్లి అడగడానికి కమిషన్ అంటూ ఏదీ ఉండదు.