తెలియజేస్తున్నాను, కోరుతున్నాను: ఒక ప్రసూతి సెలవు ఉత్తరం

సెలవు చీటీ అంటే మనకు స్కూలు రోజుల నుంచీ ఒకటే నమూనా. "నేను విన్నవించుకొనునది ఏమనగా" అని మొదలుపెట్టి "దయచేసి సెలవు మంజూరు చేయవలసిందిగా ప్రార్థన" అని ముగిస్తాం. జ్వరమొచ్చినా, అక్క పెళ్లయినా మాటలు మారవు. జూన్ మొదట్లో మా వదిన తన ఆఫీసు హెచ్.ఆర్. వాళ్లకి రాసిన ప్రసూతి సెలవు ఉత్తరం కూడా ఇంగ్లీషులో అచ్చం అట్లాగే ఉంది. నాలుగే లైన్లు. దయతలచి ఆరు నెలలు సెలవిస్తే జీవితాంతం కృతజ్ఞురాలినై ఉంటానని రాసింది. రెండు రోజులకు జవాబొచ్చింది: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు? మీ పని ఎవరు చూస్తారు? తిరిగి వచ్చాక ఎట్లా? ఆ మూడు ప్రశ్నలతో ఇంట్లో రెండు సాయంత్రాలు కూర్చున్నాం. అప్పుడు తెలిసింది, ఈ ఉత్తరంలో సగం మనం అడగాల్సిన పనే లేదని.

ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961లో వచ్చింది. 2017 సవరణతో సెలవు 12 వారాల నుంచి 26 వారాలు అయింది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ నియమాలు దాదాపు ఇట్లాగే ఉన్నాయి. కాన్పు అవుతుందనుకున్న తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు ఆ సంస్థలో పనిచేసి ఉంటే చాలు, జీతంతో కూడిన ఈ సెలవు హక్కు. అప్పటికే ఇద్దరు పిల్లలున్న తల్లికి మాత్రం 12 వారాలే. చట్టం ఈ ఉత్తరాన్ని నోటీసు అంటుంది, దరఖాస్తు అనదు. అంటే ఇక్కడ వాడాల్సిన క్రియ "తెలియజేస్తున్నాను". "ప్రార్థిస్తున్నాను" కాదు. నోటీసు ముందుగా ఇవ్వలేకపోతే కాన్పయ్యాక వీలైనంత త్వరగా ఇవ్వొచ్చు. అంతమాత్రాన హక్కు పోదు.

ఆ నోటీసులో తప్పకుండా ఉండాల్సినవి రెండు మా వదిన మొదటి ఉత్తరంలో లేవు. ఒకటి, డబ్బు తనకు గానీ తను చెప్పిన ఫలానా మనిషికి గానీ ఇవ్వాలనే మాట. అక్కడ మా అన్న పేరు రాశాం. రెండోది, ఆ సెలవు కాలంలో ఇంకెక్కడా ఉద్యోగం చేయననే మాట. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి గానీ డబ్బు చేతికొచ్చే దారి ఇక్కడే మొదలవుతుంది. గర్భం ఉన్నట్టు డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే కాన్పుకు ముందు వారాల డబ్బు ముందే ఇవ్వాలి. బిడ్డ పుట్టినట్టు రుజువు ఇచ్చిన 48 గంటల్లో మిగతాది ఇవ్వాలి. (ఈ.ఎస్.ఐ. కిందికి వచ్చే ఉద్యోగులకు ఈ డబ్బు కంపెనీ నుంచి కాకుండా ఈ.ఎస్.ఐ. నుంచి వస్తుంది. వదినది ఆ పరిధి దాటిన జీతం.)

ఇక తేదీలు. మేం ఎక్కువసేపు వాదులాడుకున్నది ఇక్కడే. స్కానింగ్ చీటీలో కాన్పు తేదీ సెప్టెంబర్ 14 అని ఉంది. ఆ రోజు నుంచి ఆరు నెలలు లెక్కపెట్టుకోవాలని మా అన్న అనుకున్నాడు. నేనూ అదే అనుకున్నా. అది తప్పు. 26 వారాలు మొదలయ్యేది బిడ్డ పుట్టిన రోజున కాదు, తల్లి పనికి వెళ్లడం ఆపిన రోజున. కాన్పు తేదీకి ముందు ఎక్కువలో ఎక్కువ 8 వారాలు తీసుకోవచ్చు. ముందు వాడుకున్నవి తర్వాతి వాటిలోంచి తగ్గిపోతాయి.

వదినకు ఇది ఎట్లా పడిందో చెప్తా. సెప్టెంబర్ 14కి 8 వారాలు వెనక్కి వెళ్తే జూలై 20. ఆ రోజు ఆపేస్తే కాన్పుకు ముందు 8, తర్వాత 18 వారాలు. జనవరి 18న మళ్లీ ఆఫీసులో ఉండాలి. బిడ్డకు అప్పటికి నాలుగు నెలలు. అదే మూడు వారాల ముందు, అంటే ఆగస్టు 24న ఆపితే తర్వాత 23 వారాలు మిగులుతాయి. ఫిబ్రవరి 22న తిరిగి చేరాలి. బిడ్డకు అయిదు నెలలు దాటుతాయి. ఈ లెక్కలో ఆదివారాలు, పండగలు అన్నీ కలిసిపోతాయి. అట్లాగని ఆ రోజుల డబ్బు పోదు. కోయంబత్తూరు నుంచి వచ్చిన ఒక ఎస్టేట్ కార్మికురాలి కేసులో సుప్రీంకోర్టు 1977లోనే వారం అంటే ఆదివారంతో సహా ఏడు రోజులని, ఏడింటికీ డబ్బు ఇవ్వాలని చెప్పింది.

ఇక్కడ కోలారు అత్త, అంటే వదిన వాళ్లమ్మ, అడ్డం పడింది. "ఏడో నెల్లో సీమంతం చేసి మా పిల్లను పిల్చుకొని పోతాము. మా ఇంట్లో అందరికీ అట్లే జరిగింది" అంది. ఏడో నెలంటే జూన్ చివర. చట్టం ప్రకారం ప్రసూతి సెలవు జూలై 20కి ముందు మొదలుకాదు. మధ్యలో ఆ మూడు వారాలకు వదిన తన సొంత సెలవులు పెట్టుకోవాలి. పైగా తర్వాత బిడ్డ దగ్గర ఉండే రోజులు తగ్గుతాయి. నేను కాలెండర్ తీసి అత్తకు వారాలు వేళ్ల మీద లెక్కపెట్టి చూపించా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత "అట్లయితే ఆగస్టులో నేనే వస్తాలే బెంగుళూరికి. సీమంతం మాత్రం మా ఇంట్లోనే" అంది. అట్లా ఆగస్టు 24 ఖాయమైంది. నొప్పులు అంతకుముందే వస్తే? అప్పుడు సెలవు ఆ రోజు నుంచే మొదలవుతుంది, తిరిగి చేరే తేదీ కూడా ముందుకు జరుగుతుంది. అదే ఆగస్టు 24న ఆపేశాక బిడ్డ వారం ముందు పుట్టినా, వారం ఆలస్యంగా పుట్టినా ఫిబ్రవరి 22 మాత్రం మారదు. ఉత్తరంలో ఈ రెండు మాటలూ రాశాం. లేకపోతే తర్వాత ఎవరి లెక్క వాళ్లు వేసుకుంటారు.

రెండో ప్రశ్న, పని అప్పగింత. చట్టం దీన్ని అడగదు. కానీ ఇది లేకుండా వెళ్తే సెలవులో ఫోను మోగుతూనే ఉంటుంది. వదిన ఒక గార్మెంట్స్ కంపెనీలో అకౌంట్స్ చూస్తుంది. నలభై మంది దాకా ఉండే ఆఫీసు. ఆమె పనికి నెల నెలా గడువులుంటాయి: 7వ తేదీకి టి.డి.ఎస్. కట్టాలి, 11కి ఒక జి.ఎస్.టి. రిటర్ను, 20కి ఇంకొకటి. అందుకని "నా పనులు సహోద్యోగికి అప్పగిస్తాను" అని రాస్తే సరిపోదు. ఆ సహోద్యోగి ఒక నెల చుట్టు పూర్తిగా చూడాలి, ఇంకో నెల చుట్టు తనే పూర్తిగా చేయాలి.

వదిన మొదట జూలై చూడ్డానికి, ఆగస్టు చేయడానికి అని వేసింది. అప్పుడు రెండో చుట్టు ఆగస్టు 20న ముగుస్తుంది, సెలవుకు నాలుగు రోజుల ముందు. కాన్పు కాస్త ముందుకు జరిగితే మొత్తం తారుమారే. కాబట్టి ఒక నెల వెనక్కి జరిపాం. జూన్‌లో ఆమె పక్కన కూర్చుని చూస్తుంది, జూలైలో తనే చేస్తుంది, వదిన సరిచూస్తుంది. ఆగస్టు ఖాళీగా ఉంచాం, ఏమన్నా మిగిలితే దానికి.

ఎవ్వరికీ తట్టని సంగతి ఒకటి చివర్లో బయటపడింది. జి.ఎస్.టి. పోర్టల్లోనూ, బ్యాంకులోనూ నమోదైంది వదిన ఫోను నంబరే. ఆ లెక్కన 20వ తేదీ ఓ.టి.పి. కాన్పు గదిలో ఉన్న ఫోనుకు వస్తుంది! నంబరు మార్చే పని జూలై 15లోగా చేయాలని ఉత్తరంలో విడిగా రాశాం. పాస్‌వర్డ్ చీటీ మీద రాసివ్వడం కాదు, ఆ సహోద్యోగి పేరు మీదే అనుమతి తీసుకోవాలి. తప్పు జరిగితే సంతకం ఎవరిదని అడుగుతారు కదా.

మూడోది, తిరిగి వచ్చే ఏర్పాటు. ఉత్తరం గొంతు ఇక్కడ మారాలి. పని ఇంటి నుంచి చేయగలిగేదైతే, సెలవు తర్వాత ఎంతకాలం, ఏ షరతుల మీద అనేది ఇద్దరూ ఒప్పుకుని ఏర్పాటు చేసుకోవచ్చని చట్టం అంటుంది. ఇద్దరూ ఒప్పుకోవాలి కాబట్టి హక్కులా రాస్తే కుదరదు. ఇక్కడ "కోరుతున్నాను" సరైన క్రియ. ఊరికే కోరడం కాదు, అవతలి వాళ్లు సరే అనడానికి వీలుగా కోరాలి. వదిన రాసింది ఇది: ఫిబ్రవరి 22 నుంచి 8 వారాలు, అంటే ఏప్రిల్ 18 దాకా, వారంలో మూడు రోజులు ఇంటి నుంచి, రెండు రోజులు ఆఫీసులో. మార్చి చివరి వారం మాత్రం రోజూ ఆఫీసుకే, ఎందుకంటే ఆర్థిక సంవత్సరం ముగింపు. ఆ వారం తనకు తానుగా ఇవ్వడం మంచి ఎత్తని నాకనిపించింది. అవతలి వాళ్లు మొదట భయపడేది ఆ వారం గురించే.

50 మంది, అంతకుమించి ఉన్న సంస్థలో పిల్లల్ని చూసుకునే క్రష్ ఉండాలి. వీళ్ల ఆఫీసుకు ఆ నియమం వర్తించదు. ఇంటి నుంచి పని అడగడానికి అదే కారణమని కూడా రాశాం. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకు రెండుసార్లు పాలివ్వడానికి విరామం ఉంటుంది. అది మళ్లీ చట్టం ఇచ్చింది. ఆ ఒక్క వాక్యం దగ్గర క్రియను మళ్లీ "తెలియజేస్తున్నాను"కి మార్చాం. మొదట అది "కోరుతున్నాను" పేరాలో కలిసిపోయి ఉంది. అట్లా ఉంటే వాళ్లు రెంటినీ కలిపి కాదనే వీలుంది.

చివరికి ఉత్తరం ఒక పేజీన్నర అయింది. తెలుగులో చెప్పుకుంటే మొదటి పేరా ఇట్లా ఉంటుంది: "నా కాన్పు సెప్టెంబర్ 14న కావచ్చని డాక్టరు చెప్పారు, సర్టిఫికెట్ జతపరిచాను. ఆగస్టు 24 నుంచి 26 వారాలు ప్రసూతి సెలవులో ఉంటానని తెలియజేస్తున్నాను. ఫిబ్రవరి 22న తిరిగి చేరతాను." కృతజ్ఞత మాట ఒకటి ఉండాలని వదిన పట్టుబట్టింది. సరే అని ఇంటి నుంచి పని అడిగిన పేరా చివర పెట్టాం, అక్కడైతే దానికి అర్థముంది.

జవాబు వారంలో వచ్చింది. సెలవు తేదీల మీద ఒక్క ప్రశ్న లేదు. పాల విరామాలు నమోదు చేసుకున్నామన్నారు. ఇంటి నుంచి పని మూడు రోజులు కాదు, రెండు రోజులన్నారు, నాలుగు వారాల తర్వాత మళ్లీ మాట్లాడదామన్నారు. వదిన ఒప్పుకుంటూ రాసింది. ఆ మాట్లాడే తేదీ మార్చి 22 అని తనే వేసి పంపింది.