దుబాయ్ గడియారానికి మైనస్ నాలుగు

దుబాయ్ టైము గ్రీనిచ్ కంటే నాలుగు గంటలు ముందుంటుంది. అక్కడి నుంచి వచ్చిన ఈమెయిల్ వివరాలు విప్పి చూస్తే తేదీ పక్కన +0400 అని ఉంటుంది. లినక్స్ కంప్యూటర్లో టైమ్‌జోన్ల పట్టిక తెరిస్తే అందులో Etc/GMT+4 అనే పేరు కనిపిస్తుంది. దుబాయ్‌కి ఇదే సరైనదనుకుని ఎంచుకుంటే గడియారం అసలు టైము కంటే ఎనిమిది గంటలు వెనక పడుతుంది. దుబాయ్‌కి సరిపోయేది Etc/GMT-4.

చూడగానే ఎవరైనా ఇది అచ్చుతప్పు అనుకుంటారు. కానీ కంప్యూటర్ల దగ్గర ఈ పద్ధతి దశాబ్దాలుగా ఉంది, ప్రమాణ పత్రాల్లోకీ ఎక్కింది. ఇక్కడ ప్లస్, మైనస్‌లు జవాబు చెబుతున్నది మనం అనుకునే ప్రశ్నకు కాదు.

మన ప్రశ్న ఇది: గ్రీనిచ్ టైముకు ఎంత కలిపితే మా టైము వస్తుంది? భారతదేశానికి జవాబు ప్లస్ అయిదున్నర. యూనిక్స్ అడిగే ప్రశ్న దీనికి ఎదురు దిక్కున ఉంది: మీ టైముకు ఎంత కలిపితే గ్రీనిచ్ టైము వస్తుంది? మధ్యాహ్నం పన్నెండుకు మనం అయిదున్నర గంటలు తీసేస్తేనే గ్రీనిచ్‌లోని ఉదయం ఆరున్నరకు చేరతాం. కాబట్టి మన జవాబు మైనస్ అయిదున్నర. న్యూయార్క్‌లో శీతాకాలంలో ఉదయం ఏడయితే గ్రీనిచ్‌లో పన్నెండు, వాళ్లు అయిదు కలపాలి. అందుకే వాళ్లకు ప్లస్.

ఈ ఎదురు ప్రశ్న యూనిక్స్ వాళ్ల సొంత ఊహేమీ కాదు, ఓడ నడిపేవాళ్ల లెక్కల్లోనూ ఉంది. నడిసముద్రంలో సూర్యుణ్ణో నక్షత్రాన్నో కొలిచిన నావికుడు పంచాంగంలో చూసుకోవాలంటే ముందు తన ఓడ గడియారాన్ని గ్రీనిచ్ టైములోకి మార్చుకోవాలి. అతనికి పనికొచ్చేది తన టైముకు ఏం కలపాలన్న అంకె. అందుకే నౌకాయాన గ్రంథాల్లో పశ్చిమ మండలాలకు ప్లస్, తూర్పు మండలాలకు మైనస్ రాస్తారు. రేఖాంశాల సంగతి మాత్రం వేరు. 1884లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం తూర్పుకు ప్లస్, పశ్చిమానికి మైనస్ అని తీర్మానించింది. అంటే ఈ రెండు పద్ధతులూ కంప్యూటర్లు పుట్టకముందే పక్కపక్కన నడుస్తున్నాయి.

యూనిక్స్ పుట్టింది అమెరికాలో, న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో. ఆ దేశమంతా గ్రీనిచ్‌కు పశ్చిమానే ఉంది. గ్రీనిచ్‌కు ఎన్ని నిమిషాలు పశ్చిమంగా ఉన్నామో పాత యూనిక్స్ గుర్తుపెట్టుకునేది. తర్వాత TZ అనే అమరిక వచ్చింది. న్యూజెర్సీ వాళ్లు అందులో EST5EDT అని రాసుకునేవారు: మామూలు టైము పేరు, మధ్యలో అయిదు, వేసవి టైము పేరు. అక్కడ గుర్తే లేదు. లేకపోతే ప్లస్ అని అర్థం. వాళ్ల పశ్చిమ తీరానికి ఎనిమిది, మధ్య రాష్ట్రాలకు ఆరు. అంతా ప్లస్సే కనుక రోజువారీ వాడుకలో గుర్తు గురించి తగువే రాలేదు. 1988లో పోసిక్స్ ప్రమాణం వచ్చేనాటికి ఇలా రాసుకున్న కంప్యూటర్లు ఎన్నో ఉన్నాయి. ప్రమాణం ఉన్న వాడుకనే నియమం చేసింది. ఆ నిర్ణయం సబబే అని నా అభిప్రాయం. అర్థాన్ని తిప్పేసి ఉంటే నడుస్తున్న గడియారాలన్నీ ఒక్కసారిగా తప్పేవి.

ఇబ్బందంతా తూర్పున ఉన్నవాళ్లకే, అంటే మనకే. మన టైము సొంతంగా రాయాలనుకున్న మనిషి చేయి సహజంగా IST+5:30 అని రాస్తుంది. భారత కాలమానం మధ్యాహ్నం పన్నెండు అయ్యే క్షణాన్ని ఇచ్చి, రెండు రకాలుగానూ అడిగి చూద్దాం.

```
$ TZ='IST+5:30' date -d '2025-08-15 06:30 UTC' '+%F %H:%M %Z %z'
2025-08-15 01:00 IST -0530
$ TZ='IST-5:30' date -d '2025-08-15 06:30 UTC' '+%F %H:%M %Z %z'
2025-08-15 12:00 IST +0530
```

మొదటి జవాబు పదకొండు గంటలు తప్పు. అయినా దాని పక్కన IST అనే ముద్ర దర్జాగా ఉంది. కంప్యూటర్ ఆ మూడక్షరాలను ఏ పట్టికలోనూ వెతకదు, మనం ఇచ్చిన పేరును తిరిగి మనకే చూపిస్తుంది. కాబట్టి పేరును నమ్మి టైము సరిగా ఉందనుకోకూడదు. నమ్మదగింది చివర ఉన్న %z అంకె. అది మన ప్రశ్నకే జవాబు చెబుతుంది, తూర్పుకు ప్లస్ ఇస్తుంది. అక్కడ -0530 కనబడితే గుర్తు తిరగబడినట్టే. తప్పు ఎంత ఉందో చూసినా తెలిసిపోతుంది. గుర్తు తారుమారైతే తేడా ఎప్పుడూ రెట్టింపు వస్తుంది: మనకు పదకొండు గంటలు, దుబాయ్‌కి ఎనిమిది, సింగపూర్‌కి పదహారు.

ఇక Etc పేర్ల సంగతి. ప్రపంచ టైమ్‌జోన్ల పట్టికను ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ మొదలుపెట్టారు, చాలాకాలంగా పాల్ ఎగ్గర్ట్ చూసుకుంటున్నారు. పట్టిక తొలి రూపాల్లో GMT-12 వంటి పేర్లు జనం అనుకునే అర్థంలోనే ఉండేవి. పోసిక్స్ మాత్రం TZ లో GMT-12 అని చూస్తే తూర్పు వైపు పన్నెండు గంటలు అని చదువుకుంటుంది. ఒకే రాతకు రెండు అర్థాలు ఉండకూడదని పట్టికను పోసిక్స్ దారికి తెచ్చారు. అయితే పాత అర్థానికి అలవాటుపడ్డవాళ్ల గడియారాలు చెప్పాపెట్టకుండా మారిపోకూడదు. అందుకని ఆ పేర్లను తీసుకెళ్లి Etc అనే విడి సంచయంలో పెట్టారు. ఈ కథంతా ఆ పట్టికలోని etcetera అనే ఫైల్లో, వ్యాఖ్యల రూపంలో ఈనాటికీ ఉంది.

ఆ సంచయంలో పూర్తి గంటలే ఉంటాయి. అయిదున్నర లేదు కనుక మనకు సరిపోయే Etc పేరు అసలు లేదు. Asia/Kolkata అని ఊరి పేరుతో రాస్తే గుర్తు గొడవే ఉండదు. దుబాయ్‌కి Asia/Dubai. అమెరికాలో ఉన్నవాళ్లకు ఊరి పేరు మరింత అవసరం, ఎందుకంటే Etc పేర్లకు వేసవి టైము మార్పు తెలియదు. న్యూయార్క్ కోసం Etc/GMT+5 పెడితే శీతాకాలమంతా సరిగ్గా నడిచి, మార్చిలో గడియారాలు ముందుకు జరిపిన రోజు నుంచి గంట వెనకబడుతుంది.

ఊరి పేరుతో పెట్టుకున్నా ఫైలు లోపల మాత్రం పాత రాతే ఉంటుంది. కలకత్తా ఫైలు చివరి వరుసలో IST-5:30 అని కనిపిస్తుంది. దుబాయ్ ఫైలులో ఇలా ఉంటుంది:

```
$ tail -n 1 /usr/share/zoneinfo/Asia/Dubai
<+04>-4
```

కోణాల మధ్య ఉన్న +04 ఆ మండలం పేరు. అది మనుషులు చదవడానికి, కాబట్టి మనకు అలవాటైన ప్లస్. తర్వాత వచ్చే -4 లెక్క కట్టడానికి, కాబట్టి పోసిక్స్ మైనస్. దీన్ని చూసి ఒకదాన్ని దిద్దబోతే ఫైలు చెడుతుంది, రెండూ సరైనవే.

అన్నిటికంటే పట్టుకోవడం కష్టమైన తప్పు న్యూజిలాండ్‌ది. అక్కడి మామూలు టైము గ్రీనిచ్ కంటే పన్నెండు గంటలు ముందు. Etc/GMT-12 పెట్టాల్సిన చోట Etc/GMT+12 పెడితే తేడా రెట్టింపై సరిగ్గా ఇరవైనాలుగు గంటలవుతుంది. గంటలూ నిమిషాలూ అక్కడి గోడ గడియారంతో అచ్చంగా కలుస్తాయి, తేదీ మాత్రం ఒక రోజు వెనక ఉంటుంది. టైము ఒక్కటే చూసి సరిపోయిందనుకున్నవాళ్లకు ఈ తప్పు చిక్కదు. తేదీ, %z రెండూ కలిపి చూడాలి. అక్కడ -1200 ఉంటే రోజు తప్పింది, +1200 ఉంటే సరిగ్గా ఉంది.