చదివిన ఒక్క ఏడాది జీతంలో ఎంత కలుపుతుంది?

ఎక్కువ చదివినవాళ్లకు ఎక్కువ జీతం వస్తుందని అందరికీ తెలుసు. ఆ ఎక్కువ జీతం చదువు వల్ల వచ్చిందా, లేక ఆ మనిషి మొదటినుంచీ చురుకైనవాడు కావడం వల్ల వచ్చిందా అన్నదే తేలని సంగతి. చురుకైన పిల్లలు, ఇంట్లో కాస్త జరుగుబాటు ఉన్న పిల్లలే బడిలో ఎక్కువకాలం ఉంటారు. వాళ్లు అయిదో తరగతితో ఆపేసినా పక్కవాడికంటే నాలుగు రూపాయలు ఎక్కువే తెచ్చుకునేవాళ్లేమో!

1960లలో థియడోర్ షుల్జ్, గారీ బెకర్ అనే అమెరికన్ ఆర్థికవేత్తలు చదువును, పనిలో ఇచ్చే శిక్షణను పెట్టుబడిగా లెక్కగట్టడం మొదలుపెట్టారు. ఇవాళ డబ్బూ కాలమూ ఖర్చు పెడితే, మనిషిలో చేరిన నేర్పు రేపటినుంచి ఏటా రాబడి ఇస్తుందని వాళ్ల వాదన. ఆ నేర్పుకే మానవ మూలధనం అని పేరు. ఇద్దరికీ నోబెల్ వచ్చింది కానీ పై అనుమానం మాత్రం అలాగే ఉండిపోయింది. అది తీరాలంటే కొందరు పిల్లలను చీటీ తీసి బడికి పంపి, మిగతావాళ్లను ఇంటి దగ్గరే ఉంచాలి. ఆ పని ఎవరు చేస్తారు?

మరి ఎలా తేల్చారు?

దాదాపు అలాంటి పరిస్థితే ఇండొనేషియాలో దానంతటదే ఏర్పడింది. 1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగి అక్కడి ప్రభుత్వం చేతిలో డబ్బు ఆడింది. ఆ డబ్బుతో 1978-79 నాటికి 61 వేలకు పైగా ప్రాథమిక బడులు కట్టారు. ఒక్కోదాంట్లో ముగ్గురు టీచర్లు, 120 మంది పిల్లలు ఉండాలన్నది లెక్క. ఏ జిల్లాలో బడికి వెళ్లని పిల్లలు ఎక్కువో ఆ జిల్లాకు ఎక్కువ బడులు ఇచ్చారు.

ఆర్థికవేత్త ఎస్తేర్ డుఫ్లో 2001లో ప్రచురించిన అధ్యయనానికి ఇదే ఆధారం. అక్కడ పిల్లలు 7 నుంచి 12 ఏళ్ల దాకా ప్రాథమిక బడిలో ఉంటారు. అంటే 1974 నాటికే 12 దాటినవాళ్లకు కొత్త బడి అందలేదు. అప్పటికి 2 నుంచి 6 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లకు పూర్తిగా అందింది. 1995 నాటి సర్వే తెరిచి, ఈ రెండు వయసుల మగవాళ్లలో జీతం మీద బతికేవాళ్లను ఆమె పోల్చి చూసింది.

బడులు ఎక్కువ కట్టిన జిల్లాల్లో పెద్దవాళ్లు సగటున 8.02 ఏళ్లు చదివితే చిన్నవాళ్లు 8.49 ఏళ్లు చదివారు. తక్కువ కట్టిన జిల్లాల్లోనూ చదువు పెరిగింది. 9.40 నుంచి 9.76కు చేరింది. కాలం మారుతున్నకొద్దీ ఎలాగూ పెరిగేదే అది. అక్కడ పెరిగిన 0.36ను ఇక్కడ పెరిగిన 0.47లోంచి తీసేస్తే మిగిలేది కొత్త బడుల పుణ్యం. ఏడాదిలో పదోవంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది కదా! అయినా లక్షలమంది మీద సగటు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. పైగా కొత్త బడి మొహమే చూడని రెండు పెద్ద వయసుల వాళ్ల మధ్య ఇదే లెక్క వేస్తే తేడా దాదాపు కనబడలేదు. ఆ జిల్లాలు వేరే కారణంతో ముందుకు వస్తున్నట్టయితే వీళ్లలోనూ తేడా కనబడాల్సింది.

జీతాల్లో వచ్చిన తేడాను చదువులో వచ్చిన తేడాతో పోల్చి చూస్తే, ఒక ఏడాది అదనపు చదువు జీతాన్ని సుమారు 6.8 నుంచి 10.6 శాతం పెంచినట్టు తేలింది. ఈ పిల్లలు తెలివిని బట్టి బడికి వెళ్లినవాళ్లు కాదు, ఊళ్లో బడి లేచింది కాబట్టి వెళ్లినవాళ్లు. కాబట్టి ఈ పెరుగుదల చదువు ఖాతాలోదే.

చదువు చేతిపనిలోకి ఎలా దిగుతుంది?

ఇక్కడ మన దేశపు పొలాలే సాక్ష్యం. హరిత విప్లవం తొలినాళ్ల గణాంకాలను ఆండ్రూ ఫాస్టర్, మార్క్ రోజెన్‌జ్వైగ్ అనే ఆర్థికవేత్తలు 1996లో పరిశీలించారు. కొత్త వంగడాలు బాగా పనిచేసిన ప్రాంతాల్లో ప్రాథమిక చదువు ఉన్న రైతుకు, లేని రైతుకు మధ్య లాభంలో తేడా పెరిగింది. సేద్యం పాత పద్ధతిలోనే సాగిన చోట చదువుకు అంత విలువ రాలేదు. తాతల నాటి విత్తనానికి తాతల నాటి అనుభవం సరిపోతుంది మరి.

కొత్తది వస్తే ఏం మారుతుందో ఒక ఎరువు బస్తా దగ్గర చూద్దాం. ఎకరానికి 40 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం వేయాలని సలహా అందిందనుకుందాం. 50 కిలోల డీఏపీ బస్తా మీద 18-46 అని ఉంటుంది. అంటే అందులో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం. భాస్వరం ఒక్క బస్తాతో సరిపోయింది. నత్రజని ఇంకా 31 కిలోలు కావాలి. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం నత్రజని, అంటే దాదాపు 20.7 కిలోలు. కాబట్టి బస్తాన్నర చాలు. ఇది అయిదో తరగతి లెక్కే, కానీ అది రానివాడు పక్క చేనును చూసి మూడు బస్తాలు చల్లుతాడు. పైరు నవనవలాడుతుంది, ఆ తర్వాత సుడిదోమ పడుతుంది. భూమి అదే, నీళ్లు అవే, కష్టమూ అంతే. లెక్క వచ్చినవాడికి తగ్గింది ఖర్చు, మిగిలింది దిగుబడి. కూలివాడి జీతమైనా, వెల్డర్ జీతమైనా పెరిగేది ఇలాంటి చోటే. డ్రాయింగ్ చదవగలిగిన వెల్డర్ ముక్కను పాడుచేసి మళ్లీ కోయడు.

జీవితం మొత్తానికి ఎంత?

నెలకు 15 వేలు తెచ్చుకుంటున్న కుర్రాడు ఒక ఏడాది పని మానేసి శిక్షణకు వెళ్లాలనుకున్నాడనుకుందాం. ఫీజు లేదు. అయినా ఖర్చు ఉంది. ఆ ఏడాది పోయిన జీతం 1,80,000 రూపాయలు. చాలామంది ఇంట్లో లెక్క వేసేటప్పుడు దీన్నే మర్చిపోతారు. శిక్షణ తర్వాత జీతం 8 శాతం పెరిగితే నెలకు 1,200, ఏడాదికి 14,400. పెట్టిన డబ్బు తిరిగి రావడానికే పన్నెండున్నర ఏళ్లు పడుతుంది. ఇరవై ఏళ్లవాడికి ముందు నలభై ఏళ్లున్నాయి కాబట్టి మొత్తం 5,76,000 వస్తుంది. నలభై అయిదేళ్లవాడికి మిగిలింది పదిహేనేళ్లే కాబట్టి అతనికి అసలు పోగా మిగిలేది కొద్దిగానే. నేర్చుకోవడాన్ని చిన్నతనంలోకే ఎందుకు నెడతారన్నదానికి నాకు కనబడే అసలు కారణం ఇదే. బుర్ర పదునుకు రెండో స్థానం.

ఇప్పుడు ఆ కుర్రాడి ఇంట్లో 1,80,000 లేక అప్పు తెచ్చారనుకుందాం. రూపాయి వడ్డీకి తెస్తే ఏడాదికి 21,600 కట్టాలి. రెండు రూపాయల వడ్డీకైతే 43,200. పెరిగిన జీతం 14,400 మాత్రమే. బ్యాంకులో దాచిన సొమ్ముకు ఏటా 6 శాతం వచ్చే ఇంట్లో మాత్రం అదే శిక్షణ, అదే 8 శాతంతో లాభసాటి బేరం. పొలమైతే తాకట్టు పెట్టుకుని బ్యాంకు తక్కువ వడ్డీకి అప్పిస్తుంది. వెల్డింగ్ నేర్చుకోబోయే చేతులను తాకట్టు పెట్టుకునే బ్యాంకు లేదు. అందుకని ఆ కుర్రాడు శిక్షణ మానేసి సోమవారం పనిలోకి వెళ్లిపోతే, చదువు విలువ తెలియనివాడని అతన్ని అనడానికి లేదు. అతని వడ్డీరేటు దగ్గర అతని లెక్క సరిగ్గానే ఉంది.