సున్నాకు సున్నా కలిపితే ఒకటి

మాత్రికల కూడిక ఇంటర్‌లోనే వచ్చేస్తుంది. ఏ గడిలోని అంకెను ఆ గడి అంకెతో కలపడమే. ఆ ఊపులో డిగ్రీకి వచ్చాక, మాత్రికలను కూడితే వాటి ఐగెన్ విలువలూ కూడతాయని చాలామంది అనేసుకుంటారు. అది తప్పని తేల్చడానికి రెండు బుల్లి మాత్రికలు చాలు.

మాత్రికను ఒక బిందువును మరో చోటికి పంపే నియమంగా చూడండి. చాలా దిశలు దాని దెబ్బకు పక్కకు తిరిగిపోతాయి. కొన్ని మొండి దిశలు మాత్రం అదే గీత మీద ఉండి, సాగుతాయి లేదా కుంచించుకుపోతాయి. అలాంటి దిశ ఐగెన్ సదిశ. ఎన్ని రెట్లు సాగిందో ఆ అంకె ఐగెన్ విలువ. అది రుణసంఖ్య అయితే దిశ వెనక్కి మళ్లినట్టు.

ఇప్పుడు మన రెండు మాత్రికలు:

A(x, y) = (y, 0)
B(x, y) = (0, x)

Aకి (3, 5) ఇస్తే (5, 0) వస్తుంది. దాన్నే మళ్లీ ఇస్తే (0, 0). ఏది ఇచ్చినా రెండడుగుల్లో సున్నా అయిపోతుంది. ఏదైనా దిశను A రెండు రెట్లు సాగదీసి ఉంటే రెండో అడుగుకు అది నాలుగు రెట్లు కావాలి తప్ప మాయమవదు. కాబట్టి దీని ఐగెన్ విలువ సున్నా ఒక్కటే. B సంగతీ అంతే. మరి కూడితే?

(A + B)(x, y) = (y, x)

రెండంకెలూ చోటు మార్చుకుంటాయి. (1, 1) కదలదు, విలువ 1. (1, -1) కాస్తా (-1, 1) అవుతుంది, విలువ -1. సున్నాల నుంచి ఇవెలా వచ్చాయి? రెండు మాత్రికలనూ వెయ్యితో గుణించి చూడండి: విడివిడిగా అవే సున్నాలు, కలిస్తే 1000, -1000.

పొరపాటు ఎక్కడుందంటే, "A ఈ సదిశను ఇన్ని రెట్లు చేస్తుంది, B అన్ని రెట్లు చేస్తుంది, కలిపితే మొత్తం" అనే వాదనలో సదిశ ఒక్కటే అని మనం చెప్పకుండానే ఒప్పేసుకున్నాం. A మొండి దిశ (1, 0), B మొండి దిశ (0, 1). ఉమ్మడి దిశే లేనప్పుడు దేనికి దేన్ని కలుపుతాం? ఉమ్మడి ఐగెన్ సదిశ ఉంటే ఆ దిశలో కూడిక నిజంగానే చెల్లుతుంది.

ఈ తప్పు దొరక్కపోవడానికి ఒక కారణం ఉంది. ఐగెన్ విలువల మొత్తం మాత్రిక జాడకు సమానం. జాడలు బుద్ధిగా కూడతాయి. ఇక్కడా 1, -1 కలిపితే సున్నాయే. జాడతో సరిచూసుకున్న విద్యార్థికి లెక్క కుదిరినట్టే కనిపిస్తుంది. నిర్ధారకం చూస్తే గుట్టు బయటపడుతుంది: విలువలు సున్నాలైతే లబ్ధం సున్నా కావాలి, A + B నిర్ధారకమేమో -1.

సౌష్ఠవ మాత్రికలైతే కాస్త కట్టుదిట్టం ఉంటుంది. మొత్తంలోని అతిపెద్ద విలువ, విడివిడి అతిపెద్ద విలువల మొత్తాన్ని దాటదని 1912లో హెర్మన్ వైల్ నిరూపించాడు. (x, -y), (y, x) అనే నియమాలు తీసుకుంటే రెండింటి విలువలూ 1, -1. వాటిని కూడితే వచ్చే అతిపెద్ద విలువ 2 కాదు, సుమారు 1.414.