మీరు చెప్పేదాకా మీ ఆఫీసుకు తెలియకూడదంటే

ఒక ఉద్యోగం చేస్తూ మరో ఉద్యోగం వెతుక్కునేవాళ్లు రిక్రూటర్‌తో సాధారణంగా అనే మాట ఒకటే: "మా ఆఫీసులో తెలియకుండా చూడండి." అవతలివాళ్లు "అలాగేనండీ, ఆ విషయం మాకొదిలేయండి" అంటారు. చాలామంది ఆ మాట మనస్ఫూర్తిగానే అంటారు. అయినా కొన్నాళ్లకు మేనేజర్ పిలిచి "వేరే చోట ప్రయత్నిస్తున్నావట" అని అడిగే సందర్భాలుంటాయి. రిక్రూటర్ ఎవరికీ చెప్పకపోయినా అతను పంపిన రెజ్యూమె చెబుతుంది. అందుకే "తెలియకుండా చూడండి" అంటే సరిపోదు. నన్ను అడగకుండా ఏ పని చేయకూడదో విడమరిచి చెప్పాలి. అదీ రాతపూర్వకంగా.

ముందు కన్సల్టెన్సీల పని ఎలా నడుస్తుందో తెలుసుకోవాలి. అభ్యర్థి చేరాకే కన్సల్టెన్సీకి కంపెనీ ఫీజు ఇస్తుంది. మన దగ్గర తరచూ వినిపించే లెక్క ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. ఒకే ఖాళీని కంపెనీలు ఇద్దరు ముగ్గురు కన్సల్టెంట్లకు ఇస్తాయి. మీ రెజ్యూమె ఎవరు ముందు పంపితే ఫీజు సాధారణంగా వాళ్లకే. కాబట్టి వాళ్లకు తొందర ఉంటుంది. అడిగి పంపేలోపు ఇంకొకరు పంపేస్తారేమోనని అడగకుండానే పంపేస్తారు. గుట్టు బయటపడే చోట్లలో ఇది మొదటిది.

గచ్చిబౌలిలో ఆరేళ్లుగా పనిచేస్తున్న ఒక టెస్టింగ్ ఇంజనీరును ఊహించుకుందాం. ఆమెకు నోటీసు పీరియడ్ 90 రోజులు. ఒక కన్సల్టెన్సీ నుంచి ఫోన్ వస్తుంది: "పెద్ద ఎమ్మెన్సీలో ఓపెనింగ్ ఉందండీ, అప్‌డేట్ చేసిన రెజ్యూమె పంపండి." కంపెనీ పేరు అడిగితే "క్లయింట్ పేరు ఇప్పుడే చెప్పకూడదండీ" అంటారు. ఆమె పంపేసిందనుకోండి, రెండు ప్రమాదాలున్నాయి. ఆ ఎమ్మెన్సీ ఆమె పనిచేస్తున్న కంపెనీయో దాని అనుబంధ సంస్థో కావచ్చు. లేదా ఆమె కంపెనీ ఎవరికి ప్రాజెక్టు చేసిపెడుతోందో ఆ కస్టమరే కావచ్చు. ఈ రెండోది చాలామందికి తట్టదు. సర్వీసు కంపెనీలు చాలావరకు కస్టమర్లతో "మా మనుషుల్ని మీరు తీసుకోకూడదు" అని ఒప్పందం రాసుకుంటాయి. అలాంటి చోట ఆమె రెజ్యూమె కనబడితే కస్టమర్ నేరుగా ఆమె మేనేజర్‌కే చెప్పే అవకాశం ఉంది.

కాబట్టి రెజ్యూమె పంపే ముందు ఆమె ఒక మెయిల్ రాయాలి. సారాంశం ఇలా ఉంటే చాలు: "నేను ప్రస్తుతం ఉద్యోగంలో ఉన్నాను, ఈ ప్రయత్నం గోప్యంగా ఉంచాలి. ప్రతి కంపెనీకి పంపే ముందు దాని పేరు చెప్పి నా అనుమతి మెయిల్‌లో తీసుకోండి. నా రెజ్యూమెను ఇతర కన్సల్టెంట్లకు ఇవ్వకండి. నేను రాజీనామా చేసి, సరేనని రాసేవరకు మా కంపెనీలో ఎవరినీ సంప్రదించకండి. నాకు సొంత మెయిల్‌కే రాయండి, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయండి. ఇందుకు అంగీకారమైతే జవాబివ్వండి, రెజ్యూమె పంపుతాను." చివరి వాక్యం ముఖ్యం. రెజ్యూమె చేతికందాక పెట్టే షరతుకు బలం ఉండదు.

జవాబును బట్టి మనిషి అర్థమవుతాడు. పేరు చెప్పలేకపోతే "మీరు ఏ కంపెనీలు వద్దంటారో చెప్పండి, వాటిలో ఇది లేదని నిర్ధారిస్తాను" అనేవాడు పని తెలిసినవాడు. అప్పుడు ఆమె తన కంపెనీ, అనుబంధ సంస్థలు, కస్టమర్ పేర్లు ఇవ్వొచ్చు. జవాబు ఇవ్వకుండా రెజ్యూమె కోసమే పదేపదే ఫోన్ చేస్తుంటే ఆ అవకాశం వదులుకోవడమే మేలు. ఎప్పుడూ మాట్లాడని కన్సల్టెన్సీ నుంచి ఎవరో ఫోన్ చేసి, ఆమె ఒక్కరికే చెప్పిన జీతం అంకె చెప్పారంటే రెజ్యూమె చేతులు మారిందని అర్థం.

జాబ్ పోర్టల్‌లోనూ ఇలాంటి చిక్కు ఉంది. నౌకరీలో మీ కంపెనీకి మీ ప్రొఫైల్ కనబడకుండా బ్లాక్ చేయవచ్చు. కానీ మీ కంపెనీ కోసం మనుషుల్ని వెతికే కన్సల్టెన్సీ ఆ బ్లాకులోకి రాదు. లింక్డ్‌ఇన్‌లో Open to Work పెట్టేటప్పుడు Recruiters only ఎంచుకుంటే ఫొటో చుట్టూ పచ్చ వలయం రాదు. మీ సొంత కంపెనీ రిక్రూటర్లకు కనబడకుండా చూసే ప్రయత్నం చేస్తామని, పూర్తి హామీ మాత్రం ఇవ్వలేమని ఆ సంస్థే చెబుతుంది.

ఇక రెండో ప్రమాదం అందరూ ఊపిరి పీల్చుకున్నాక వస్తుంది. ఇంటర్వ్యూలు అయ్యాయి, జీతం కుదిరింది. అప్పుడు బీజీవీ, అంటే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ మొదలవుతుంది. చాలా కంపెనీలు దీన్ని వేరే ఏజెన్సీకి అప్పగిస్తాయి. మీరు రిక్రూటర్‌కు చెప్పిన షరతు ఆ ఏజెన్సీకి చేరుతుందనుకోకండి. వాళ్ల చేతిలో ఉండేది మీరు నింపిన ఫారం, మీరు సంతకం చేసిన అనుమతి పత్రం. ఫారంలో ప్రతి పాత ఉద్యోగం పక్కనా "సంప్రదించవచ్చా?" అనే ప్రశ్న ఉంటుంది. తొందరలో అన్నిటికీ "అవును" అని టిక్కు పెడితే, ఏజెన్సీ మీ హెచ్‌ఆర్‌కు మెయిల్ పంపుతుంది. తప్పు వాళ్లది కాదు.

ప్రస్తుత కంపెనీ దగ్గర "ఇప్పుడు కాదు, రాజీనామా తర్వాత నేను తెలియజేసిన తేదీ నుంచి" అని రాయండి. ఫారంలో అందుకు చోటు లేకపోతే కొత్త కంపెనీ హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి, ఏజెన్సీకి చెప్పమనండి. ఈలోగా పేస్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, ఫారం 16, ఈపీఎఫ్ సర్వీసు వివరాలు ఇస్తామనండి. మీరు అక్కడ పనిచేస్తున్నారని చూపడానికి ఇవి చాలావరకు సరిపోతాయి. రిఫరెన్సు అడిగితే ఇప్పటి మేనేజర్ పేరు కాకుండా పాత కంపెనీలో మీ పని చూసిన పెద్దల పేరివ్వండి. వాళ్లకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

ఈ జాగ్రత్తలకూ హద్దులున్నాయి. రిక్రూటర్ తన తరఫున మాత్రమే మాట ఇవ్వగలడు. ఇంటర్వ్యూ చేసినాయన మీ మేనేజర్‌కు కాలేజీ స్నేహితుడైతే ఏ మెయిలూ ఆపలేదు. అందుకే ఇంటర్వ్యూ పానెల్‌లో ఎవరుంటారో ముందే అడగడం మంచిది. ఇంకో సంగతి, గోప్యత అడగడమంటే వెరిఫికేషన్ తప్పించుకోవడం కాదు. హోదా, జీతం, చేరిన తేదీ అన్నీ చివరికి సరిచూస్తారు. వాటిలో తేడా ఉంటే చేతికొచ్చిన ఆఫరే పోతుంది.

ఈ షరతును ఎత్తేయాల్సిన రోజు కూడా వస్తుంది. జీతం, చేరాల్సిన తేదీ స్పష్టంగా ఉన్న ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే రాజీనామా ఇవ్వండి. రాజీనామా అందిందని మీ కంపెనీ నుంచి జవాబు రాగానే అదే రోజు రిక్రూటర్‌కూ కొత్త హెచ్‌ఆర్‌కూ రాయండి: ఇక మా కంపెనీని సంప్రదించవచ్చు, ఫలానా హెచ్‌ఆర్ మెయిల్ ఇదీ, అని. ఆ మాట రాయడం మరిచిపోతే వెరిఫికేషన్ అక్కడే ఆగి, చేరే తేదీ వెనక్కి పోతుంది.